మెయిల్ రాసే కళాశాల ఆఫీసుల వారికి: అసలు పని మొదటి రెండు లైన్లలో చెప్పండి

దేవరకొండలో జిరాక్స్, ఇంటర్నెట్ షాపు నడుపుతున్నాను. చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ల నుంచి డిగ్రీ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఫోను చేతికిచ్చి అడిగే మాట ఒకటే: "అన్నా, ఈ మెయిల్‌లో మమ్మల్ని ఏం చేయమంటున్నారు?" వాళ్లకు చదువు రాదని కాదు. ఆ పిల్లలు డిగ్రీ చదువుతున్నారు. మెయిల్ రాసిన తీరు వల్లనే వాళ్లకు అర్థం కావడం లేదు. ఇది నాకు నిజంగా కోపం తెప్పిస్తున్న విషయం, అందుకే వివరంగా రాస్తున్నాను.

మన ఆఫీసు ఉత్తరానికి ఒక పద్ధతి ఉంది. పైన విషయం, దాని కింద సూచిక, ఆ సూచికలో పాత ఉత్తరాల నంబర్లు, ఆ తర్వాత "పై విషయమును పురస్కరించుకుని తెలియజేయునది ఏమనగా" అని మొదలై, చివరి పేరాలో అసలు పని. ఫైలులో పెట్టే కాగితానికి ఈ వరుస పనికొస్తుంది. ఏ ఉత్తరానికి ఏది జవాబో గుమస్తాకు ముందు తెలియాలి కదా. కానీ అదే పాఠాన్ని యథాతథంగా మెయిల్‌లో అతికిస్తే, ఐకేపీ కేంద్రంలో ధాన్యం కుప్ప పక్కన ఎండలో నిలబడి ఫోను చూసే తండ్రికి మొదట కనిపించేది సూచిక నంబరు.

ఫోనులో మెయిల్ తెరవకముందే మూడు సంగతులు కనిపిస్తాయి: పంపినవారి పేరు, విషయం, లోపలి పాఠంలో మొదటి ఒకటి రెండు లైన్లు. విషయంలో సుమారు ముప్పై నలభై అక్షరాలు కనిపించి మిగతావి తెగిపోతాయి. తెలుగు అక్షరాలు వెడల్పు కాబట్టి ఇంకా తక్కువే. ఆ కాస్త చోటులో పని, తేదీ లేకపోతే ఆ మెయిల్ తర్వాత చూద్దామని పక్కన పడిపోతుంది.

ఈ మధ్య ఒక కళాశాల నుంచి వచ్చిన మెయిల్ సంగతి చెబుతాను. అది ఇంగ్లీషులో ఉంది, తేదీలు మార్చి తెలుగులో చెబుతున్నాను. విషయం: "డిగ్రీ రెండవ, మూడవ సంవత్సరం విద్యార్థుల ఉపకార వేతనాల రెన్యువల్ దరఖాస్తుల సమర్పణకు సంబంధించి". ఫోనులో కనిపించింది "డిగ్రీ రెండవ, మూడవ సంవత్సరం" వరకే. లోపల ఒకే పేరా. కంప్యూటరులో ఏడెనిమిది లైన్లు ఉండే పేరా ఫోనులో తెర నిండా పరుచుకుని, ఇంకా కిందికి జరపవలసి వచ్చింది. తేదీ ఆ పేరా మధ్యలో "10/11 లోగా" అని ఉంది. మీసేవ కేంద్రంలో వేలిముద్ర వేసి రావాలన్న మాట మాత్రం చిట్టచివర, సంతకానికి పైన ఉంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ చివరి మాటే. విద్యార్థి అన్నిటికంటే ముందు చేయవలసిన పని అది. వేలిముద్ర కాకుండా కాగితాలు తీసుకోరు. సర్వరు మొరాయిస్తే మర్నాడు మళ్లీ మీసేవకు వెళ్లాలి. పై సగం చదివి, కాగితాలు నకళ్లు తీయించుకుని, బస్సెక్కి నల్లగొండ వెళ్లి, కౌంటరు దగ్గర "వేలిముద్ర ఏది?" అని అడిగితే వెనక్కి వచ్చిన పిల్లలు ఉన్నారు. అందుకే పనిని ముందు పెట్టండి అంటే ఆఫీసుకు కావలసినది ముందు పెట్టమని కాదు, చదివేవారు ముందుగా చేయవలసినది ముందు పెట్టమని.

అదే మెయిల్‌ను నేనైతే ఇలా రాస్తాను:

విషయం: నవంబర్ 10 లోపు స్కాలర్‌షిప్ కాగితాలు

నమస్కారం. ముందు మీసేవలో వేలిముద్ర వేయండి, ఆ తర్వాత కాగితాలు కళాశాల ఆఫీసులో ఇవ్వండి.

చివరి తేదీ: నవంబర్ 10, సోమవారం, సాయంత్రం 4 గంటలు

తేవలసినవి: ఈపాస్ దరఖాస్తు ప్రింటు, ఆదాయ ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు నకళ్లు.

ఇది రెండవ, మూడవ సంవత్సరం వారికి మాత్రమే. మొదటి సంవత్సరం వారికి వేరే మెయిల్ వస్తుంది.

సూచిక, ఉత్తర్వు నంబరు దీని కింద ఎంత పొడవుగా ఉన్నా ఎవరికీ ఇబ్బంది లేదు. వాటిని తీసేయమని అనడం లేదు, రేపు ఎవరైనా ఆధారం అడిగితే కావాలి. పెద్దవారికి రాసేటప్పుడు నేరుగా పనిలోకి దిగడం మర్యాద కాదేమో అని కొందరు అంటారు. నమస్కారం ఒక్క మాటలో చెప్పవచ్చు. ఎదుటివారి బస్సు చార్జీ, పోయిన కూలీ గురించి ఆలోచించడం కూడా మర్యాదే.

తేదీ గురించి ఇంకొంచెం చెప్పాలి. "10/11" అంటే నవంబరు పదో, అక్టోబరు పదకొండో అని కొందరికైనా సందేహం వస్తుంది. నెల పేరు రాయండి, పక్కన వారం రాయండి. వారం రాస్తే ఇంకో లాభం: తేదీ తప్పు పడితే రెండూ కలవవు, పంపకముందే మీకే దొరుకుతుంది. "రేపు", "ఈ శుక్రవారం" అని అసలు రాయకండి. శనివారం మెయిల్ తెరిచినవారికి అది ఏ శుక్రవారం?

తేదీ కొట్టొచ్చినట్టు కనిపించాలని పసుపు రంగు వెనక పులుముతారు. ఫోనులో నల్ల తెర పెట్టుకున్నవారికి కొన్ని యాప్‌లు అక్షరాలను తెల్లగా మారుస్తాయి, పసుపు మాత్రం అలాగే ఉండిపోతుంది. పసుపు మీద తెలుపు ఎవరు చదవగలరు? ముద్ద అక్షరాలు చాలు, అవి కూడా ఒక్క లైనుకే. అర మెయిల్‌ను ముద్ద చేస్తే కన్ను ఎక్కడా ఆగదు. పైగా క్లాసు లీడరు ఆ మెయిల్‌ను కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో వేసేటప్పుడు ముద్ద అక్షరాలు, రంగులు చాలాసార్లు పోతాయి. "చివరి తేదీ" అన్న మాట, తేదీ కలిసి విడిగా ఒక లైనులో ఉంటే ఆ ప్రయాణంలో కూడా బతుకుతాయి.

సంతకం పెట్టిన ఉత్తర్వును స్కాన్ చేసి, "జతపరచిన పత్రం చూడగలరు" అని ఒక్క ముక్క రాసి పంపేవారితో నా గొడవ పెద్దది. ఏ4 కాగితం ఫోను తెరలో పట్టాలంటే అక్షరం చీమంత అవుతుంది. పెద్దది చేస్తే లైను మొదలు కనిపించినప్పుడు చివర కనిపించదు. సిగ్నలు సరిగా లేని ఊళ్లలో ఆ ఫైలు తెరుచుకోవడమే కష్టం. పత్రం జతపరచండి, కానీ పని, తేదీ మెయిల్‌లోనే టైపు చేయండి.

పంపే ముందు ఆ మెయిల్‌ను మీ ఫోనుకే పంపుకోండి. తెరవకండి. జాబితాలో చూసినప్పుడే ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో తెలిసిందా? తెలియకపోతే మొదటి లైను మార్చండి.

గడువు పెంచినప్పుడు పాత మెయిల్‌కే జవాబుగా పంపకండి. ఫోనులో అవన్నీ ఒకే కట్టగా చేరి పైన పాత విషయమే, పాత తేదీయే కనిపిస్తుంది. "తేదీ మారింది: నవంబర్ 17 వరకు" అని కొత్త మెయిల్ పంపండి. పాత తేదీని కింద ఎక్కడో, మామూలు అక్షరాల్లో, ఒక్కసారి చెబితే చాలు.