సంతకం అసలుదే, నమూనా కార్డే పోయింది

ఆఫీసులో సెలవు పెట్టడానికి హెచ్‌ఆర్ పోర్టల్ తెరిస్తే అది పాస్‌వర్డ్ అడగదు. అడ్రస్ బార్‌లో ఒక్క క్షణం login.microsoftonline.com లాంటి పేరేదో మెరిసి మాయమవుతుంది, పోర్టల్ తెరుచుకుంటుంది. ఒక్కసారి లాగిన్ అయితే అన్ని అప్లికేషన్లకూ సరిపోయే ఈ ఏర్పాటే సింగిల్ సైన్-ఆన్, దాని పనంతా ఆ క్షణంలోనే జరిగిపోతుంది. పోర్టల్ మన బ్రౌజర్‌ను, మనమెవరో తేల్చి చెప్పే ఐడెంటిటీ ప్రొవైడర్ దగ్గరికి పంపుతుంది. ఉదయమే పాస్‌వర్డ్ కొట్టి, ఫోన్‌లో ఓకే నొక్కాం కాబట్టి ఆ ప్రొవైడర్ మళ్లీ ఏమీ అడగదు. 'ఈ మనిషి మా మనిషే' అని డిజిటల్ సంతకం చేసిన టోకెన్ ఒకటి ఇచ్చి వెనక్కి పంపుతుంది. పోర్టల్ ఆ సంతకం సరిచూసుకుని లోపలికి రానిస్తుంది. మన పాస్‌వర్డ్ దాని కంట పడనే పడదు.

బ్యాంకులో చెక్కు ఇచ్చినట్టే ఇదీ. గుమాస్తా చెక్కు మీద సంతకాన్ని తన దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూస్తాడు. ఇక్కడ ఆ నమూనా పబ్లిక్ కీ. ప్రొవైడర్ తన పబ్లిక్ కీల జాబితాను ఒక వెబ్ చిరునామాలో ఉంచుతుంది. అప్లికేషన్లు అప్పుడప్పుడూ దాన్ని తెచ్చుకుని తమ దగ్గర దాచుకుంటాయి. ఏ కీతో పోల్చాలో టోకెన్‌లోనే `kid` అనే గుర్తు చెబుతుంది.

ప్రొవైడర్ పడిపోవడమంటే సర్వర్లు ఆగిపోవడమే అనుకుంటాం. 2021 మార్చి 15న మైక్రోసాఫ్ట్ వారి ఐడెంటిటీ ప్రొవైడర్ అజూర్ యాక్టివ్ డైరెక్టరీకి వచ్చిన కష్టం అది కాదు. పాత కీలను ఏరివేసే ఆటోమేటిక్ ప్రక్రియ ఒకటుంది. ఒక మైగ్రేషన్ కోసం ఒక కీని మామూలు కంటే ఎక్కువ కాలం ఉంచాలని గుర్తు పెట్టారు. ఆ ప్రక్రియలోని బగ్ వల్ల అది ఆ గుర్తును పట్టించుకోకుండా కీని జాబితాలోంచి తీసేసింది. దాంతో మన టైం ప్రకారం ఆ అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర నుంచి, కొత్త జాబితా తెచ్చుకున్న ప్రతి అప్లికేషనూ ఆ కీ సంతకమున్న టోకెన్లను తిప్పికొట్టడం మొదలుపెట్టింది. చెక్కు మంచిదే, సంతకమూ అసలుదే. గుమాస్తా దగ్గర నమూనా కార్డు లేదు, అంతే. టీమ్స్, ఆఫీస్, అజూర్ పోర్టల్ అన్నీ ఇబ్బంది పడ్డాయి. అమెరికా క్లయింట్ల కోసం హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు అది సరిగ్గా పని వేళ.

రెండు గంటల తర్వాత పాత జాబితాను తిరిగి పెట్టారు. అయినా అందరికీ ఒకేసారి బాగుపడలేదు, ఎందుకంటే ఒక్కో అప్లికేషన్ జాబితాను ఒక్కో వేళకు తెచ్చుకుంటుంది. మైక్రోసాఫ్ట్ దగ్గర అప్పటికే ఒక బ్యాకప్ వ్యవస్థ ఉంది. అది టోకెన్లు ఇవ్వడానికి పనికొచ్చేదే గానీ, వాటిని సరిచూసే పని దెబ్బతిన్న ఆ జాబితా మీదే ఆధారపడింది. నన్నడిగితే ఆ ఘటనలో అసలు పాఠం ఇదే. స్టాంపు వేసేవాడికి బదులు ఇంకొకడిని పెట్టుకున్నారు గానీ, స్టాంపును గుర్తుపట్టేవాడి సంగతి చూసుకోలేదు.

ప్రొవైడర్ నిజంగానే ఆగిపోయినప్పుడు కథ వేరేగా నడుస్తుంది. ఉదయం తొమ్మిదికే లాగిన్ అయినవాళ్లకు ఏమీ తెలియదు, వాళ్ల సెషన్ ఇంకా బతికే ఉంటుంది. పదిన్నరకు వచ్చినవాళ్లు మాత్రం గుమ్మంలోనే ఆగిపోతారు. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే 'నాకు బాగానే వస్తోందే, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి' అంటారు. అంతకు మించిన చెడ్డ సలహా ఉండదు, ఉన్న సెషన్ కూడా పోతుంది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ టోకెన్లు మామూలుగా గంట నుంచి గంటన్నర దాకా చెల్లుతాయి. ఆ గడువు దాటేకొద్దీ లోపలున్నవాళ్లూ ఒక్కొక్కరే బయటపడతారు. గడువు బాగా పెంచేయొచ్చుగా అంటే, అప్పుడు ఉద్యోగం మానేసినవాడి టోకెన్ కూడా అంతసేపూ చెల్లుతుంది.

నేను పనిచేసిన ఒక చోట ఇలాగే ఒక రాత్రి టెన్షన్ పడ్డాం. అత్యవసర పాస్‌వర్డ్ పాస్‌వర్డ్ వాల్ట్‌లో ఉంది. ఆ వాల్ట్ తెరవాలంటే సింగిల్ సైన్-ఆన్ కావాలి. ఎవరికి ఫోన్ చేయాలో రాసిన పేజీ కూడా దాని వెనకే ఉంది!

అందుకే కనీసం రెండు అత్యవసర అడ్మిన్ ఖాతాలు ఉంచుకోమని మైక్రోసాఫ్టే చెబుతుంది. కంపెనీ లాగిన్ సర్వర్ మీద ఆధారపడకుండా అవి నేరుగా క్లౌడ్‌లోనే ఉండాలి. కానీ కంపెనీ వైపు సర్వర్ పడితే అవి ఆదుకుంటాయి గానీ, క్లౌడ్ ప్రొవైడరే పడితే వాటికీ దారి ఉండదు. అప్పటికి కావాల్సినవి నెట్‌వర్క్ పరికరాలు, బ్యాకప్ సర్వర్, వాల్ట్. వీటికి సింగిల్ సైన్-ఆన్‌తో సంబంధం లేని సొంత ఖాతా ఒక్కోటి ఉంచి, వాటి వివరాలూ ఫోన్ నంబర్లూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. ఆడిటర్ వచ్చి 'ఇదేంటి, కాగితం మీద పాస్‌వర్డా?' అని ముఖం చిట్లిస్తాడు. చిట్లించనివ్వండి.