పిల్లాడి మధ్యాహ్నం నిద్ర దగ్గరే అసలు చిక్కు

పిల్లలు పుట్టాక భార్యాభర్తలు ఎడమవుతారన్నది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొత్త జంటలను ఏళ్ల తరబడి గమనించి, మొదటి బిడ్డ పుట్టిన మూడేళ్లలోపు మూడింట రెండొంతుల మందిలో దాంపత్య తృప్తి బాగా పడిపోయిందని ఎప్పుడో చెప్పింది. ఆ లెక్క అక్కడి జంటలది. మన దగ్గర అలాంటి లెక్క నా కంటపడకపోయినా, సాయంత్రం ఏడు గంటలకు శ్రీకాకుళంలో ఏ అద్దె పోర్షన్‌లోకి తొంగిచూసినా సంగతి అర్థమవుతుంది. ఒకరి చేతిలో పిల్ల, ఇంకొకరి చేతిలో ఫోను. మధ్యలో వినబడే మాటలు ‘గ్యాస్ బుక్ చేశావా’, ‘డైపర్లు అయిపోయాయి’ అనేవే.

దీనికి పత్రికల్లోనూ వీడియోల్లోనూ దొరికే మందు ఒక్కటే. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి నెలకోసారి ఇద్దరూ బయటికెళ్లండి అంటారు. నాకు ఈ సలహా మీద ఏ కోశానా నమ్మకం లేదు. నెలకోసారి విశాఖ బీచ్‌కి వెళ్లొచ్చిన జంట తిరుగుబస్సులో ఏం మాట్లాడుకుంటుందో ఒకసారి వినండి. స్కూలు ఫీజు, చీటీ డబ్బులు, చిన్నదాని దగ్గు. ఇరవై తొమ్మిది రోజులు మాట్లాడుకోనివాళ్లకు ముప్పయ్యో రోజున మాటలు ఎక్కడినుంచి వస్తాయి? రోజూ ఇరవై నిమిషాలు కావాలి. ఆ ఇరవై నిమిషాలు ప్రేమ ఉన్నంత మాత్రాన దొరకవు. పిల్లాడి నిద్ర వేళను కదిపితే దొరుకుతాయి.

నాకు తమ్ముడి వరసయ్యే ఒకతను పైడిభీమవరంలో ఓ మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. వారానికో షిఫ్టు. ఏ అంటే ఉదయం 6 నుంచి 2, బీ అంటే 2 నుంచి రాత్రి 10, సీ అంటే రాత్రి 10 నుంచి 6. కంపెనీ బస్సుకు ఇటు గంటా పావు, అటు గంటా పావు. భార్యది గ్రామ సచివాలయంలో ఉద్యోగం. నాలుగేళ్ల కొడుకు, ఏడాదిన్నర కూతురు. పిల్లల్ని చూసుకోవడానికి టెక్కలి వైపు నుంచి ఆమె అత్తగారు వచ్చి ఉంటున్నారు. ఇద్దరం ఎడమవుతున్నామన్న అనుమానం వాళ్లకు ఎక్కడ మొదలైందంటే, అతనికి జీతం పెరిగిందన్న మాట ఆమెకు పక్కింటావిడ చెబితే తెలిసింది. ఆవిడ భర్తదీ అదే ఫ్యాక్టరీ. ‘చెప్దామనుకున్నాను, నువ్వు నిద్రలో ఉన్నావు’ అన్నాడట అతను. అబద్ధం కాదు, నిజంగానే నిద్రలో ఉంది. మీ ఇంట్లో సంగతి మీకు మూడో మనిషి ద్వారా తెలిసిందంటే అదే గుర్తు. అరుపులూ అలకలూ దానికంటే చాలా ఆలస్యంగా వస్తాయి.

వాళ్ల ఒక రోజును కాగితం మీద పెట్టి చూశాం. బాబు నర్సరీ నుంచి పన్నెండున్నరకు వస్తాడు. బువ్వ తిని, ఆడి, రెండున్నరకు పడుకుంటే ఐదింటికి లేస్తాడు. పెద్దావిడకు కాస్త నడుం వాల్చే తీరిక ఆ రెండున్నర గంటలే, అందుకే ఎవరూ లేపరు. ఐదింటికి లేచిన నాలుగేళ్ల పిల్లాడికి మళ్లీ నిద్ర రావాలంటే ఐదున్నర, ఆరు గంటలు మెలకువగా ఉండాలి. మెలకువగా ఉన్నకొద్దీ ఒంట్లో నిద్రబరువు పెరుగుతుంది, అది నిండకుండా జోకొట్టినా పడుకోడు. కాబట్టి రాత్రి పదిన్నర. ‘ఏ’ షిఫ్టు వారంలో తండ్రి తెల్లారగట్ల నాలుగుంపావుకు లేవాలి. అంటే కొడుకు పడుకునేసరికి తండ్రి ఎప్పుడో పడుకుని ఉంటాడు. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ మెలకువగా ఉండి, పిల్లలు పడుకుని ఉన్న నిమిషం రోజు మొత్తంలో ఒక్కటీ లేదు. ప్రేమ ఉన్నా దాన్ని పెట్టుకోవడానికి చోటేదీ?

ఇప్పుడు పిల్లాడి నిద్ర కూడండి. మధ్యాహ్నం రెండున్నర గంటలు, రాత్రి పదిన్నర నుంచి ఏడు వరకు ఎనిమిదిన్నర. మొత్తం పదకొండు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు కావాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే వాడికి నిద్ర తక్కువేమీ కాలేదు, వేళ మాత్రమే తప్పింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా గంటన్నర, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరున్నర దాకా తొమ్మిదిన్నర పడుకున్నా అదే పదకొండు. వాడి నిద్రలోంచి ఒక్క నిమిషం తీయకుండా తల్లిదండ్రులకు రాత్రిపూట గంటన్నర వచ్చింది.

కాగితం మీద వచ్చినంత సులువుగా ఇంట్లో రాలేదు లెండి. ముందు ఉదయం లేచే వేళను ఆరున్నరకు పట్టుకున్నారు. కిటికీ తెరిచి వెలుతురు రానివ్వడమే దానికి సగం పని. తర్వాత మధ్యాహ్నం లేపే వేళను మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరిపారు. ఐదు నుంచి మూడుకు రావడానికి మూడు వారాలు దాటింది. మొదటి వారం వాడు సాయంత్రం ఆరింటికే కళ్లు నలుపుకుంటూ పేచీ పెట్టాడు. ఆ పేచీ చూసి కాసేపు పడుకోబెట్టేస్తే అంతవరకు చేసినదంతా పోతుంది, అక్కడే చాలామంది ఓడిపోతారు. ఆ వేళ నీళ్లు పోసి, ఏడున్నరకే అన్నం పెట్టేశారు. పెద్దావిడ మాత్రం ఊరుకోలేదు. ‘నిద్దరోతున్న గుంటడ్ని లేపుతారేటమ్మా, పాపం కాదేటి’ అని వారం రోజులు సాధించింది. ఆవిడ నడుం వాల్చుకునే తీరిక గంట తగ్గింది మరి. దానికి బదులు కోడలు సాయంత్రం ఇల్లు చేరగానే పిల్లలిద్దరినీ తీసుకుని ఆవిడను గంటసేపు గుడికో అరుగు మీదికో వదిలేసింది. ఈ బదులు ఇవ్వకపోతే ఏ ఇంట్లోనూ ఈ పద్ధతి నెల నిలవదు.

తొమ్మిదింటికి పిల్లాడు పడుకుంటే ఆ గంటన్నరలోకి ముందు దూరేవి అంట్లు. ఆమె తొమ్మిదిన్నర దాకా వంటింట్లో ఉంటే అతను ఫోను తీస్తాడు. ఫోను తీసినవాడు మళ్లీ పెట్టడు. అందుకని ఆమె పిల్లల్ని పడుకోబెట్టే వేళకే ఇతను అంట్లు తోమేయాలని ఒప్పందం. ‘ఆడు అంట్లు తోమడమేటి’ అన్న మాట వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? నాలుగు రోజులకు ఆగిపోయింది.

ఇక ఆ ఇరవై నిమిషాల్లో ఏం మాట్లాడాలి? గాట్‌మన్ చెప్పినదాంట్లో నాకు బాగా పనికొచ్చిందనిపించింది ఇది. ఒకరు పది నిమిషాలు తన రోజులో బయట జరిగినదాన్ని చెబుతారు. సూపర్‌వైజరు అన్న మాట కావచ్చు, పింఛను రాలేదని సచివాలయానికొచ్చి తిట్టిపోయిన ముసలాయన కావచ్చు. రెండోవారు వింటారు. అడగకుండా సలహా ఇవ్వరు, అవతలివాళ్ల పక్షం మాట్లాడరు. తర్వాత వంతు మారుతుంది. భార్యాభర్తల మధ్య ఉన్న తగాదాలు ఆ వేళకు తేకూడదు. మన మగవాళ్లు ఓడిపోయేది సలహా దగ్గర. ‘అలా కాదు, నువ్వు ఎంపీడీవోకి చెప్పాల్సింది’ అన్న ఒక్క మాటతో ఆమె నోరు మూసుకుంటుంది. ఫీజులు, గ్యాసు, చీటీలు వీటికి వేరే చోటుండాలి. వాళ్లు ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో రాసుకుని ఆదివారం పొద్దున్న టీ దగ్గర తేల్చేస్తారు. ఇంటి లెక్కలకు ఆ చోటు చూపించకపోతే అవి రాత్రి ఇరవై నిమిషాల్నీ తినేస్తాయి.

ఇదంతా ‘ఏ’ షిఫ్టు వారం మాట. బీ షిఫ్టు వారంలో అతను ఇల్లు చేరేసరికి పదకొండుంపావు. అప్పుడు ఆమెను లేపడం అన్యాయం. ఆ వారం వాళ్ల వేళ పొద్దుటికి మారింది. ఆమెను బండి మీద ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర దింపేది అతనే. బండి మీద గాలికీ హెల్మెట్‌కీ మాట వినబడదు కాబట్టి ఇరవై నిమిషాలు ముందే బయల్దేరి ఏడు రోడ్ల జంక్షన్ దాటాక ఒక టీ బండి దగ్గర ఆగుతారు. సీ షిఫ్టు వారంలో మాత్రం ఏదీ కుదరదు, కుదురుతుందని చెబితే అబద్ధమే. ఆ వారం చేయగలిగేది ఒక్కటే. రాత్రి ఎనిమిదిన్నరకు అతను బయల్దేరేటప్పుడు, రేపు అవతలివాళ్లకు ఎదురయ్యే పని ఒకటి అడిగి తెలుసుకోవడం, పొద్దున్న రాగానే దాని గురించే అడగడం. అత్తగారి ముందు ఆలింగనాలు మనకు కుదిరేవి కావు. ‘ఆడిట్ అయిందా?’ అన్న ప్రశ్న, ఒక గ్లాసు మంచినీళ్లు, అవే చాలు. ‘ఎలా ఉన్నావు’ అంటే ‘బాగానే’ అని వస్తుంది, ఆడిట్ పేరెత్తితే అరగంట కథ వస్తుంది.

మా అమ్మానాన్నలు ఇలా గడియారం పెట్టుకుని మాట్లాడుకున్నారా, అయినా కలిసి బతకలేదా అని అడిగేవాళ్లున్నారు. కలిసే బతికారు. పొలానికి కలిసి వెళ్లారు, కలిసి తిరిగొచ్చారు, వేసవిలో పెరట్లో నులక మంచాలు వేసుకుని నిద్రపట్టేదాకా మాట్లాడుకున్నారు. వాళ్ల గడియారం పని వేళల్లోనే ఉంది. అది పోయింది కాబట్టే ఇప్పుడు గోడకు వేలాడదీసుకోవాల్సి వస్తోంది.

పోయిందంటే దానంతటదే పోలేదు, ఎవరో తీసుకున్నారు. ఫ్యాక్టరీల్లో రోజుకు 9 గంటలుగా ఉన్న పని పరిమితిని 10 గంటలకు పెంచాలని మన రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో నిర్ణయించింది. పెట్టుబడులు వస్తాయని ఒకరు, శ్రమ దోపిడీ అని ఒకరు వాదించుకున్నారు. నేను రెండోవైపు ఉన్నాను, అది వేరే సంగతి. ఆ వాదనలో బస్సు వేళను ఎవరు లెక్కేశారు? ఎనిమిది గంటల షిఫ్టుకు బస్సు కలిపితే ఇప్పటికే పదిన్నర గంటలు. దాన్ని పన్నెండున్నర చేస్తే, పిల్లాడి నిద్రను మూడు వారాలు జరిపి సంపాదించుకున్న గంటన్నర ఒక్క సంతకంతో పోతుంది, ఇంకో అరగంట బాకీ కూడా పడుతుంది. పని గంటల సంగతి అలా ఉంచండి. కనీసం రోస్టర్‌ను నెల ముందు ఇవ్వడానికి యాజమాన్యాలకు ఖర్చేముంది? వచ్చే వారం ఏ షిఫ్టో శనివారం రాత్రి వాట్సాప్‌లో తెలిసేవాడు ఏ వేళను కాపాడుకుంటాడు?

కిందటి శనివారం బీ అనుకున్నతనికి సీ పడింది. సోమవారం పొద్దున్న ఆమె కాంప్లెక్సుకి ఆటోలో వెళ్లింది.