రాఖీలో పిల్ల చేయాల్సింది దారమే

శ్రావణ పౌర్ణమి దగ్గర పడగానే ఏడేళ్ల పిల్లల చేతికి రాఖీ కిట్ వస్తుంది. అందులో దారం తయారుగానే ఉంటుంది. పిల్ల దాని మీద మెరుపు రాళ్లు అంటిస్తుంది, అంతే. నా దృష్టిలో ఇది తలకిందుల పని. రాఖీ అంటేనే రక్షగా కట్టే దారం. పిల్ల చేతులతో చేయాల్సింది ఆ దారాన్నే, అదీ మూడుపాయల జడగా.

బాబాయి కొడుక్కి రాఖీ అనుకుందాం. వాడి మణికట్టు చుట్టుకొలత 14 సెంటీమీటర్లు. అల్లేకొద్దీ జడ పొట్టిదవుతుంది కాబట్టి ఊలు పోగులు 45 సెంటీమీటర్ల పొడవున కత్తిరించాలి. మూడు రంగులు, రంగుకు రెండేసి పోగులు. ఒక కొసన పది సెంటీమీటర్లు కట్టుకోవడానికి వదిలి ముడి వేసి, ఆ ముడిని బల్లకు టేపుతో అంటించాలి. ఇక కుడి పాయ మధ్య పాయ మీదికి, తర్వాత ఎడమ పాయ మధ్య పాయ మీదికి.

ఈ వయసులో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఎటువైపు వేశారో మరిచిపోయి ఒకే పక్క పాయను రెండుసార్లు వేస్తారు. అప్పుడు రెండు రంగులు తాడులా పెనవేసుకుని, మూడోది పక్కన తిన్నగా ఉండిపోతుంది. మూడు రంగులు వాడమనేది ఇందుకే. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లకే కనిపిస్తుంది, అక్కడి వరకే విప్పి మళ్లీ అల్లుకుంటుంది. రాయి వంకరగా అంటుకుంటే ఇలా దిద్దుకునే వీలుండదు.

ఏడు సెంటీమీటర్లు అల్లాక పెద్ద రంధ్రాల కోటు గుండీ ఒకటి తీసుకోవాలి. మధ్య పాయ కొసకు షూ లేసు కొసలా సన్నగా టేపు చుడితే పోగులు విడిపోవు. ఆ పాయను గుండీ ఒక రంధ్రంలోంచి పైకి తెచ్చి రెండో దాంట్లోంచి కిందికి దించి, అల్లిక కొనసాగించాలి. మరో ఏడు సెంటీమీటర్లకు ముడి. గుండీని పట్టుకునేది అల్లికే కాబట్టి వేడి జిగురు గన్నుతో వేళ్లు కాల్చుకునే భయం లేదు, రాయి ఊడిపోయిందన్న ఏడుపూ లేదు.

తల్లిదండ్రులకు తీరిక లేదు, కిట్ అయితే పది నిమిషాల్లో నీటుగా వస్తుంది అంటారు. నిజమే. కానీ పండక్కి వారం ముందు మొదలుపెట్టి రోజుకొకటి అల్లితే సొంత తమ్ముడికీ, బాబాయి, పెద్దమ్మ పిల్లలకూ సరిపోతాయి. పక్కన కూర్చోవాల్సింది మొదటి రోజే.

అసలు చిక్కు ఆ 'నీటు' దగ్గరే ఉంది. పిల్ల అల్లిన జడ మొదట్లో వదులుగా, చివర్లో బిగువుగా ఉంటుంది. ఫొటోలో బాగోదని అమ్మ విప్పి మళ్లీ అల్లుతుంది. బడి ప్రాజెక్టుల్లోనూ ఇదే జరుగుతోంది. రాత్రి పదకొండింటికి నాన్న కోసిన థర్మోకోల్ ఇంటికి పొద్దున పిల్ల పేరు మీద స్టార్ పడుతుంది. టీచర్లు ముందు ఆ స్టార్లు ఇవ్వడం మానాలి.