ఐదు శృతి తర్వాత ఒకటిన్నర

మొన్న మన త్యాగరాజ ఆరాధనలో వేదిక మీద నాకు కుర్చీ వేసి ఉంచారు. పిల్లల పాటలన్నిటికీ వయొలిన్ నాదే. "కింద కూర్చుంటే వెనక వరుసలకి కనపడరు కదండీ" అన్నారు ఒక కార్యకర్త, ఎంతో ఆప్యాయంగా.

కింద కూర్చోవడం మర్యాద కోసం అనుకుంటారు చాలామంది. అది ఎడమచేతి కోసం. మఠం వేసుకుని కుడికాలు కాస్త ముందుకు పెడితే వయొలిన్ తల చీలమండ మీద ఆనుతుంది, రెండో కొస ఎడమ భుజం కింద ఛాతీకి ఆనుతుంది. చేతి మీద బరువు పడదు కాబట్టి గమకానికి వేళ్లు తీగ మీద పైకీ కిందికీ జారగలవు. కుర్చీలో ఆ కాలు అందదు. తోడి గాంధారం ఊపబోతే వాద్యమే ఊగుతుంది. అందుకని కుర్చీ పక్కకి జరిపించి దుప్పటి పరిపించుకున్నాను.

అసలు బాధ తర్వాతది. మొదటి పాప ఐదు శృతి, అంటే ఆమె షడ్జం పాశ్చాత్యుల జి స్వరం. పాశ్చాత్యుల వయొలిన్‌లో తీగలు జి, డి, ఎ, ఇ. మనం వాటిని షడ్జ పంచమాలకి స-ప-స-ప అని కలుపుతాం, ఐదు శృతికి అంటే జి, డి, జి, డి. లావు తీగలు రెండూ కదలనక్కర్లేదు, సన్నవి రెండూ ఒక్కో స్వరం దిగితే చాలు. ఆమె వెనకాలే గొంతు మారిన కుర్రాడు, ఒకటిన్నర శృతి. హార్మోనియం మీద నల్లమెట్లూ కలిపి లెక్కేస్తే నాలుగు తీగలూ ఆరేసి మెట్లు దిగాలి.

ముందు రెండో తీగని తంబురా షడ్జానికి కలిపాను. పక్క తీగల్ని దాంతో జతగా కమానుతో లాగుతూ, ఆ అలల్లాంటి కదలిక ఆగి నాదం నిలిచేదాకా బిరడాలు తిప్పాను. ఒక తీగ వదులైతే బ్రిడ్జ్ మీద ఒత్తిడి తగ్గి మిగతావి కొంచెం పైకి పోతాయి. అందుకే ఒక చుట్టుతో పని అవదు. రెండో చుట్టులో ఉండగా మైకులో "ఇంకా ట్యూనింగేనా అండీ, టైమ్ అయిపోతోంది" అని వినిపించింది. హాలంతా నవ్వింది. బిరడా వదిలేశాను. పంచమం ఇంకా హెచ్చుగానే ఉంది. పాపం, ఆ అబ్బాయి పాట మధ్యలో నా పంచమం విని తన గొంతు సవరించుకోబోయాడు. తప్పు నాది, సర్దుకున్నది వాడు.

విజయనగరంలో మా గురువుగారు శృతి చేస్తుంటే వీధరుగు మీద వాళ్లు కూడా మాట ఆపేవారు.

నిర్వాహకుల ఇబ్బంది నాకు తెలుసు. హాలు అద్దె గంటల లెక్క, పిల్లలు నలభై మంది. వరసకట్టడం వాళ్ల చేతిలోనే ఉంది కదా. పేర్లు తీసుకునేటప్పుడు శృతి కూడా రాయించుకోండి. ఐదు, ఐదున్నర వాళ్లందర్నీ ఒకచోట పెట్టండి. ఒకటి, ఒకటిన్నర, రెండు వాళ్లని ఇంకోచోట. మధ్యలో సన్మానమో, దాతల ప్రకటనో పెట్టండి, దయచేసి మైకు వేదికకి దూరంగా పట్టుకుని. ఆ పది నిమిషాల్లో నాలుగు తీగలూ కలుస్తాయి.