మట్టికి కమిటీ, ఆలుగడ్డకు లేబుల్

హనుమకొండలో ఒక ప్లేస్కూల్ ఈ ఏడాది ఫీజు రసీదులో కొత్త పద్దు చేర్చింది: మట్టి చార్జీలు. కొందరు తల్లిదండ్రులు దీని మీద గొడవ చేస్తున్నారని విని చాలా బాధ కలిగింది. ఉత్తగా దొరికిన మట్టిలో ఆడిన పిల్లలు చివరికి ఏమయ్యారో మనకు తెలియదా? మనమయ్యారు. ఆ పొరపాటు మళ్లీ జరగకూడదనే స్కూలు వారు మట్టికి రేటు కట్టి, దాని పర్యవేక్షణకు పేరెంట్స్ కమిటీ కూడా వేశారు. ఆ కమిటీ పనితీరును దగ్గరుండి చూసినవాడిగా నాలుగు మాటలు చెప్పడం నా బాధ్యత.

ఆ మట్టి పోసే చోటును మడ్ కిచెన్ అంటారు. ఆరుబయట పిల్లలు మట్టి, నీళ్లు, పుల్లలు, రాళ్లు, పాత గిన్నెలతో వంట ఆట ఆడుకునే చోటు. కమిటీ మొదట చేసిన మంచి పని, పాత గిన్నెల ఆలోచన మానుకుని ప్లాస్టిక్ వంటిల్లు కొనడం. నాలుగు బర్నర్ల పొయ్యి, తిరగని నాబ్‌లు, నీళ్లు రాని నల్లా. అన్నీ ఒకే అచ్చులో పోసినవే కాబట్టి ఏదీ ఊడదు, ఏదీ కదలదు. కదలని వస్తువు పోదు, పోని వస్తువుకు రిజిస్టర్ అక్కర్లేదు.

పిల్లలు మాత్రం దాని ముందు కాసేపు నిలబడి, ఫొటోలు దిగి, ప్రహరీ గోడ మూలకు వెళ్లిపోయారు. అక్కడ పగిలిన ఇటుకలు, కొబ్బరి చిప్పలు, అడుగు మాడిన ఒక సర్వ పడి ఉన్నాయి. మర్నాడూ అక్కడికే పోయారు.

ఈ అరాచకానికి సిద్ధాంతం కట్టినవాడు సైమన్ నికల్సన్ అనే ఆంగ్లేయుడు. పిల్లలు కదపగలిగినవి, మార్చగలిగినవి, కలపగలిగినవి ఎన్ని ఎక్కువ రకాలు దగ్గరుంటే వాళ్ల కల్పనకు అంత చోటు దొరుకుతుందని 1971లో ఒక పత్రికలో రాశాడు. వాటికి లూజ్ పార్ట్స్ అని పేరు కూడా పెట్టాడు. పైగా, కట్టడంలో ఉన్న సరదా అంతా డిజైన్ చేసే పెద్దలే అనుభవించేసి, అయిపోయిన దాన్ని పిల్లల చేతిలో పెడుతున్నారని నింద కూడా వేశాడు. అంతకు ముందే, 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న కోపెన్‌హాగెన్‌ శివారు ఎమ్‌డ్రప్‌లో, తోటలు, పార్కులు డిజైన్ చేసే సోరెన్‌సెన్ ఆలోచనతో పిల్లల కోసం తుక్కు సామాను మైదానమే తెరిచారు. ఊళ్లో శత్రువు తిరుగుతుంటే వాళ్లు చెక్కముక్కలు పోగేశారు. కమిటీ ఉండి ఉంటే ఇలా జరిగేదా?

నికల్సన్ చెప్పిన దాని తీవ్రత నాకు ఒక నాలుగేళ్ల అమ్మాయిని చూశాక అర్థమైంది. ఆమె చేతిలో ఒక గులకరాయి ఉంది. మొదట అది ఆలుగడ్డ. కాసేపటికి సబ్బు, దానితో సర్వ తోమింది. ఆ తర్వాత బాదం ఆకులో చుట్టి, జోకొట్టి, "సప్పుడు చెయ్యకు, పండుకుంది" అని నన్ను మందలించింది. చివరికి గాలికి ఎగిరిపోతున్న ఆకుల మీద బరువుగా పెట్టింది. కొన్న సెట్టులోని ప్లాస్టిక్ ఆలుగడ్డ మాత్రం పొద్దుటి నుంచి ఆలుగడ్డగానే ఉంది. నమ్మకం అంటే అదీ.

ఇక మట్టి. ఇక్కడ కమిటీ పొదుపు పాటించింది. పక్క ప్లాటులో పునాది తవ్విన నల్లరేగడిని ఉచితంగా తోలించింది. (చార్జీలు మట్టికి కాదు, పర్యవేక్షణకు.) రేగడి పత్తికి మంచిదే కావచ్చు, కానీ చిన్న వంటవాళ్లకు కలిసిరాలేదు. నీళ్లు పోయగానే ఉబ్బి బంకలా పట్టుకుంది. గంటె దిగితే పైకి రాదు, లాగిన పిల్లవాడు వెనక్కి పడతాడు. అరికాళ్లకు అంటుకుని కాళ్లు బరువెక్కాయి. రెండు రోజులు ఎండ తగిలేసరికి నెర్రెలిచ్చి, లోపల చిక్కిన చెంచాలతో సహా రాయిలా బిగుసుకుంది.

ఇలాంటప్పుడు నిపుణుణ్ని పిలవాలని కమిటీ తీర్మానించింది. నిపుణుడు వచ్చేలోపు ఆయమ్మ రెండు ఖాళీ నీళ్ల సీసాలు తెచ్చింది. ఒకదాంట్లో మూడో వంతు రేగడి, మరోదాంట్లో అంతే ఎర్ర చెల్క మట్టి వేసి, దాదాపు నిండా నీళ్లు పోసి, మూత బిగించి బాగా ఊపి గట్టు మీద పెట్టింది. బరువైన ఇసుక ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగుకు దిగుతుంది. సన్నటి ఒండ్రుకు కొన్ని గంటలు పడుతుంది. అన్నిటికన్నా సన్నటి బంకమన్ను మర్నాటిదాకా నీళ్లను మురికిగానే ఉంచుతుంది. తెల్లారి చూస్తే చెల్క సీసాలో సగానికి పైగా ఇసుక పొరే. రేగడి సీసాలో అడుగున చిన్న పొర, పైన ఇంకా తేరని నీళ్లు.

కానీ ఉత్త చెల్కతో ముద్ద నిలవదు, లడ్డూ చేయబోతే పొడిపొడిగా రాలిపోతుంది. అందుకని ఆమె రెండు తట్టల చెల్కకు ఒక తట్ట రేగడి కలిపింది. కొలత రాసుకోలేదు, పిడికిట్లో పిసికి చూసింది. ముద్ద విరిగిపోతే రేగడి తక్కువైనట్టు, అరచేతికి అంటుకుని వదలకపోతే ఎక్కువైనట్టు. తర్వాత గాజు పెంకులు, మేకులు లేకుండా జల్లించింది. పిల్లులు పాడుచేయకుండా రాత్రిపూట పట్టా కప్పుతోంది. ఇదంతా లిఖితపూర్వకంగా లేనందున కమిటీ గుర్తించలేదు.

భద్రత విషయంలో మాత్రం కమిటీ రాజీ పడలేదు. బట్టల మీద మరకలు నిషేధం. కర్రలు నిషేధం. మూరెడు పుల్ల కూడా ఆయుధమే. ఇంటి నుంచి పాత డబ్బాలు తెమ్మన్నప్పుడు మాత్రం ఒక తండ్రి పురుగుమందు డబ్బాను మూడుసార్లు కడిగి తెస్తే, మూత గట్టిగా ఉందని మెచ్చుకున్నారు. ఎన్నిసార్లు కడిగినా అది పిల్లల చేతికి ఇవ్వదగ్గది కాదు, పాత పెయింటు డబ్బా కూడా అంతే. ఆయమ్మ రెండూ బయట పెట్టించింది. ఎర్రగా, నల్ల బొట్టుతో ముద్దుగా ఉన్నాయని ఎవరో గుప్పెడు గురిగింజలు తెచ్చారు. పగిలినా, నమిలినా ఆ గింజ విషం. అవీ పోయాయి. నిండు బకెట్టు తీసేసి చిన్న గిన్నెలతో నీళ్లు పెట్టింది, ఎందుకంటే పసిపిల్లలు మునగడానికి కొద్దిపాటి లోతు చాలు. సాయంత్రం అన్ని చిప్పలూ బోర్లిస్తోంది. నిలవ నీళ్లలో వారం పది రోజుల్లోనే దోమలు తయారవుతాయి మరి. మూడేళ్ల లోపు వాళ్లు వచ్చే గంటలో చిన్న గులకరాళ్లు పక్కకు తీస్తుంది. సుమారు 3.2 సెంటీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువు ఆ వయసు పిల్లల గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. బొమ్మల తనిఖీకి వాడే కొలత అదే.

పోయిన వారం కమిటీ ఆఖరి సంస్కరణ తెచ్చింది. ఏ రాయి ఏమిటో పిల్లలకు అయోమయం లేకుండా ఒక్కోదాని మీద పెయింటుతో పేరు రాయించారు: ఆలుగడ్డ, వంకాయ, సబ్బు. పిల్లలకు ఇంకా చదవడం రాదన్న అభ్యంతరాన్ని అధ్యక్షుల వారు తోసిపుచ్చారు. శుక్రవారం తనిఖీలో ఆలుగడ్డల్లో ఒకటి తక్కువైంది. వెతగ్గా, పాత సైకిల్ టైరు దొర్లిపోకుండా దాని కింద అడ్డంగా దొరికింది. కూరగాయను వాహన విభాగానికి ఎవరి అనుమతితో బదిలీ చేశారో మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలని నర్సరీ బి సెక్షన్‌కు నోటీసు వెళ్లింది.