పీటీ పీరియడ్‌లో గట్టు మీద కూర్చున్న అమ్మాయిల గురించి

"ఎనిమిదో తరగతి దాటాక ఆడపిల్లలకు ఆటల మీద మనసు పోవడం ప్రకృతి సహజం. పీటీ పీరియడ్‌కు హాజరు మార్కులు పెట్టండి, వాళ్లే వస్తారు. నెలసరి రోజుల్లో ఎలాగూ ఆడకూడదు. సింధు, సైనా లాంటి వాళ్లు ఎక్కడున్నా పైకొస్తారు. మిగతా పిల్లల సమయం టెన్త్ చదువుకు వదిలేయండి." (హైదరాబాద్‌లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం)

ఆ వయసులో ఆడేవారి సంఖ్య తగ్గుతున్న మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2016 నాటి లెక్కలను క్రోడీకరించినప్పుడు, 11 నుంచి 17 ఏళ్ల అమ్మాయిల్లో 85 శాతం మందికి రోజుకు గంట వ్యాయామం కూడా లేదని తేలింది. అయితే అబ్బాయిల్లోనూ అలాంటివారు 78 శాతం ఉన్నారు. పైగా ఇది ప్రకృతి ధర్మమే అయితే, బడి తన పద్ధతి మార్చుకున్నంత మాత్రాన ఫలితం మారకూడదు. అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో 24 ఉన్నత పాఠశాలల్లో జరిపిన లీప్ అనే అధ్యయనం ఫలితాలు 2005లో వెలువడ్డాయి. అందులో సగం బడులు తొమ్మిదో తరగతి అమ్మాయిల వ్యాయామ తరగతిని మార్చాయి. అమ్మాయిలకు విడిగా ఆడుకునే వీలు, ఏం ఆడాలో ఎంచుకునే స్వేచ్ఛ, చదువు ముగిశాక కూడా కొనసాగించగల వ్యాయామాలు అందులో చేర్చాయి. ఏడాది తరువాత ఆ బడుల్లో 45 శాతం మంది అమ్మాయిలు గట్టి వ్యాయామం చేస్తున్నామని చెప్పగా, పాత పద్ధతిలోనే నడిచిన బడుల్లో ఆ మాట చెప్పినవారు 36 శాతమే. రెండు చోట్లా వయసు ఒకటే, తరగతి ఒకటే. మారింది మైదానంలో జరిగే పని మాత్రమే.

ఆ వయసులో మనసు కంటే ముందు ఒళ్లు మారుతుందన్నది ఈ సందేశం రాసినవారు పట్టించుకోని సంగతి. బ్రిటన్‌లో 11 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు రెండు వేల మందికి పైగా పాల్గొన్న ఒక సర్వే 2016లో వచ్చింది. ఎదుగుతున్న ఛాతీ వల్ల బడిలో ఆటలు ఆడటానికి ఏదో ఒక ఇబ్బంది కలుగుతోందని వారిలో 46 శాతం మంది చెప్పారు. మన మైదానాల్లో ఈ ఇబ్బంది ఎలా కనిపిస్తుందో పీఈటీగా నేను తరచూ చూస్తుంటాను. త్రోబాల్ తన వైపు వస్తున్నప్పుడు రెండు చేతులూ చాచవలసిన అమ్మాయి, ఒక చేత్తో భుజం మీది చున్నీ పిన్నును పట్టుకుని, రెండో చేత్తోనే బంతిని అందుకోబోయి జారవిడుస్తుంది. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. మరుసటి వారం ఆమె తలనొప్పి అని చెప్పి గట్టు మీద కూర్చుంటుంది. ఆ అమ్మాయికి ఆసక్తి లేదని రాసుకుంటే మనం చేయగలిగింది ఏమీ మిగలదు. అదే బట్టల సమస్య అని రాసుకుంటే, పీటీ రోజున చున్నీ అక్కర్లేదని, వదులు టీషర్టు, ముదురు రంగు ట్రాక్ ప్యాంట్ వేసుకోవచ్చని బడి ఒక్క సర్క్యులర్ పంపితే చాలు. ఛాతీకి గట్టి ఆధారమిచ్చే లోదుస్తుల గురించి తల్లులతో ఒక టీచరమ్మ విడిగా మాట్లాడవచ్చు.

హాజరు మార్కుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలా బడులు నిజంగా చేస్తున్నది అదే. మార్కులు పెడితే పిల్లలు మైదానానికి వస్తారు, కానీ వచ్చినవాళ్లందరూ ఆడరు. రిజిస్టరులో అందరికీ హాజరు పడుతుంది, గట్టు మాత్రం నిండుగానే ఉంటుంది. హాజరు పట్టీ పక్కనే ఆడారా లేదా అన్న రెండో గడి గీసి, ఆడనివారి పేరు ఎదుట కారణానికి ఒక గుర్తు పెట్టాలి. బట్టలు, ఒంట్లో నలత, ఆటలో చోటు దొరకకపోవడం, ఆ పీరియడ్‌ను మరో టీచర్ తీసుకోవడం అనే నాలుగు గుర్తులు సరిపోతాయి. నెలసరిని నలత గుర్తులోనే కలిపేయాలి, ఆ పట్టీ ఎవరి కంటైనా పడవచ్చు కనుక. అమ్మాయిని అందరి ముందూ కారణం అడగకుండా పీఈటీ చూసి రాసుకోవడం మేలు.

40 మంది ఉన్న ఎనిమిదో తరగతికి బుధవారం, శనివారం పీటీ ఉందనీ, జూన్‌లో 34 మంది ఆడితే సెప్టెంబరుకు 19 మందే మిగిలారనీ అనుకుందాం. మొత్తంగా చూస్తే ఉత్సాహం చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. కానీ నాలుగైదు వారాల గుర్తులను వరుసగా చూస్తే కారణాలు విడివిడిగా బయటపడతాయి. శనివారమే గట్టు మీదికి చేరేవాళ్లు కొందరుంటారు, ఎందుకంటే చాలా బడుల్లో ఆ రోజు తెల్ల యూనిఫాం వేసుకోవాలి. నాలుగు వారాలకొకసారి ఒకటి రెండు రోజులు మాత్రమే తప్పుకుని మళ్లీ వచ్చే పేర్లు నెలసరివి. తరగతి మొత్తం రాలేదంటే లెక్కల టీచర్ పీరియడ్ తీసుకున్నారన్నమాట, దానికి పిల్లల ఆసక్తితో సంబంధం లేదు. ఇవన్నీ పోగా రెండు రోజులూ, అన్ని వారాలూ అవే పేర్లు కొన్ని మిగులుతాయి. సాధారణంగా ఈ గుంపే అన్నిటికంటే పెద్దది. వీళ్లకు ఆట మీద అయిష్టం లేదు, ఆటలో చోటే లేదు.

త్రోబాల్‌లో జట్టుకు ఏడుగురు ఉంటారు. ఒకే కోర్టు వేసి 40 మందిని తీసుకొస్తే 14 మంది ఆడతారు, 26 మంది చూస్తారు. ఖోఖోలో తరిమే జట్టు తొమ్మిది మందిలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు, తప్పించుకునే జట్టు నుంచి ముగ్గురే లోపలికి వస్తారు. 40 నిమిషాల పీరియడ్‌లో బట్టలు సర్దుకోవడానికీ వరుసలకూ పది నిమిషాలు పోతే, ఆట కొత్తగా నేర్చుకుంటున్న అమ్మాయి చేతికి బంతి ఒకటి రెండుసార్లు అందితే గొప్ప. పైగా ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుచుకోమంటే, చివరిదాకా పిలుపు అందని నలుగురైదుగురు తరగతి మొత్తానికీ తెలిసిపోతారు. పదమూడేళ్ల పిల్ల ఆ నిలబడటాన్ని ఎన్ని వారాలు భరిస్తుంది?

దీనికి కొత్త మైదానం అక్కర్లేదు. ఒక తాడును మైదానం పొడవునా కట్టి, సున్నంతో అడ్డగీతలు గీసి నాలుగు చిన్న కోర్టులు చేస్తే, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు చొప్పున 40 మందీ ఒకేసారి ఆడవచ్చు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వరుసగా అంకెలు చెప్పించి, ఒకే అంకె వచ్చినవాళ్లను ఒక కోర్టుకు పంపితే కెప్టెన్ల ఎంపిక గొడవ ఉండదు. మొదటి నెలన్నర మెత్తటి బంతితో ఆడించాలి, వేళ్లకు దెబ్బ తగులుతుందన్న భయం పోతేనే పట్టడం వస్తుంది. ఔటైనవాళ్లు బయటికి వెళ్లే ఆటలను ఆ కాలంలో పక్కన పెట్టాలి, ముందుగా ఔటయ్యేది ఎక్కువ సాధన కావలసిన అమ్మాయే కనుక. ఆ తరువాత నెలకోసారి త్రోబాల్, టెన్నికాయిట్, స్కిప్పింగ్ లాంటి వాటిలో రెండింటిని తరగతే ఎంచుకోవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎంచుకోమన్నప్పుడు స్నేహబృందాలన్నీ ఒక మూలకు చేరి, ఏ బృందానికీ చెందని అమ్మాయి మళ్లీ ఒంటరిగా మిగిలిపోతుంది. ఆమెను ఏ కోర్టులో చేర్చాలో పీఈటీ ముందే ఆలోచించి ఉంచుకోవాలి.

అమ్మాయిల్లోంచే కొందరిని నాయకురాళ్లుగా పెట్టి ప్రచారం చేయిస్తే చాలుననే మాట కూడా వినిపిస్తుంది. ఇంగ్లాండులో గర్ల్స్ యాక్టివ్ పేరుతో అలాంటి కార్యక్రమాన్ని 20 బడుల్లో పరీక్షించారు. 14 నెలల తరువాత కొలిస్తే అమ్మాయిల శారీరక శ్రమలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నా ఉద్దేశంలో కోర్టులు, బట్టలు, టైంటేబుల్ పాతవిగానే ఉంటే నాయకురాలు ఎంత పిలిచినా ప్రయోజనం తక్కువే.

నెలసరి విషయంలో సందేశం నేరుగా తప్పు చెబుతోంది. ఆ రోజుల్లో ఆడకూడదనడానికి వైద్యపరమైన కారణం లేదు. క్రమం తప్పకుండా వారానికి మూడుసార్లు ముప్పావు గంట నుంచి గంట వ్యాయామం చేసేవారిలో నెలసరి నొప్పి తగ్గవచ్చని, అనేక పరిశోధనలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2019లో తెలిపింది. అమ్మాయిలను ఆపేది చాలాసార్లు మరక పడుతుందన్న భయం. వింబుల్డన్ లాంటి చోటే 2023లో తెల్ల దుస్తుల నియమాన్ని సడలించి, మహిళలు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవడానికి అనుమతించింది. హైదరాబాద్‌లోని బడి పీటీ రోజుకు తెల్ల యూనిఫాం తీసేస్తే పోయేదేమీ లేదు. గడియ పడే తలుపు, నీళ్లు, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్న మరుగుదొడ్డి, అడగకుండానే ప్యాడ్ తీసుకోగల చోటు, మైదానానికి వెళ్లే ముందు పది నిమిషాలు ఉండాలి. నొప్పి ఎక్కువగా ఉన్నరోజు ఆమె నడుస్తానంటే నడవనివ్వాలి, కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి.

అయితే రెండు చుట్లు పరుగెత్తగానే ఆయాసపడే అమ్మాయిని బద్ధకస్తురాలని అనడానికి ముందు రక్తం పరీక్ష చేయించడం మన బాధ్యత. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల లోపు ఉంటే డాక్టరుకు చూపించాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు జేబులో వేసుకుని తరువాత పారేయడం మామూలే. అన్నం తిన్నాక టీచర్ ఎదుటే వేసుకునేలా చూస్తే, కడుపులో వికారం కూడా తక్కువగా ఉంటుంది.

సింధు పేరు ఎత్తినవారు ఆమె ఇంటిని మరిచిపోయారు. తండ్రి రమణ, తల్లి విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యుడు. సికింద్రాబాద్ వైపు నుంచి గచ్చిబౌలిలోని అకాడమీకి రోజూ అంత దూరం పిల్లను పంపడం ఎందుకు అవసరమో ఆ ఇంటికి తెలుసు. అలాంటి ఇల్లు లేని అమ్మాయికి బడి మైదానమే మొదటి, చాలాసార్లు చివరి అవకాశం. ఇక టెన్త్ సంగతి: రోజుకు గంట వరకు వ్యాయామానికి కేటాయించినా మార్కులు తగ్గవని ఇప్పటివరకు జరిగిన పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి.

తొమ్మిదో తరగతిలో ఆట మానేసేవారి సంఖ్య నాకు ఎక్కువగా కనిపించేది స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఎంపికలు ముగిశాకే. ఎంపికైన కొందరు జోనల్ పోటీలకు వెళతారు, మిగతావారికి ఆ ఏడాది ఇక ఒక్క మ్యాచ్ కూడా ఉండదు. మ్యాచ్ లేని చోట సాధనకు ఎవరూ రారు. కాబట్టి ఎంపికలైన మరుసటి వారం నుంచే సెక్షన్ల మధ్య చిన్న లీగ్ మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా నడపాలి. జట్టులో పేరున్న ప్రతి అమ్మాయీ ప్రతి మ్యాచ్‌లో కనీసం ఒక సెట్ ఆడితీరాలన్న నిబంధన పెట్టి, ఫెడరేషన్ జట్టుకు ఎంపికైనవారిని ఒకే సెక్షన్‌లో కాకుండా అన్ని జట్లకూ పంచాలి.