సేవ్ వస్తుంది, గేమ్ రాదు

"అకౌంట్ లింక్ చేసుకో బాబూ, పీసీలో కొన్న గేమ్ అదే వచ్చేస్తుంది." ద్వారకా నగర్‌లో ఒక షాపు కుర్రాడు మా మేనల్లుడికి సోనీ గేమ్ కన్సోల్ పీఎస్5 అమ్ముతూ ఇచ్చిన భరోసా ఇది. పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండింది. వాడు అబద్ధం చెబుతున్నాడని కాదు, నిజంగా అలాగే అనుకుంటున్నాడు. విశాఖలో గేమ్స్ ఆడేవాళ్ళలో సగం మంది అలాగే అనుకుంటారు. తప్పు వాళ్ళది కూడా కాదు. క్రాస్-సేవ్, క్రాస్-ప్రోగ్రెషన్, క్రాస్-బై, క్రాస్-ప్లే అని నాలుగు పేర్లు పెట్టి, నాలుగూ ఒకటే అనిపించేలా ప్రచారం చేస్తే మామూలు మనిషికి ఏటి తెలుస్తుంది? మొదటి రెండూ అంటే ఎక్కడిదాకా ఆడామో ఆ సేవ్ ఇంకో మెషీన్‌కి రావడం. క్రాస్-బై అంటే ఒకసారి కొన్నది రెండు చోట్లా చెల్లడం. క్రాస్-ప్లే అంటే వేర్వేరు మెషీన్ల వాళ్ళు కలిసి ఆడడం.

మావాడి సంగతే చూడండి. వాడి దగ్గర పీసీలో, స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోరులో కొన్న ది విచర్ 3 గేమ్ ఉంది, విడిగా అమ్మే అదనపు కథలు, అంటే రెండు ఎక్స్‌పాన్షన్లతో సహా. ఇంజనీరింగ్ సెలవుల్లో ఆడి ఆడి రెండో ఎక్స్‌పాన్షన్ దాకా వచ్చాడు. ఇప్పుడు హాల్లో టీవీ ముందు కూర్చుని, అదే చోటు నుంచి ఆడాలని కోరిక. కోరిక తీరుతుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన 4.00 అప్‌డేట్‌తో ఈ గేమ్‌కి క్రాస్-ప్రోగ్రెషన్ వచ్చింది. కానీ పీఎస్5లో గేమ్‌ని మళ్ళీ డబ్బులు పెట్టి కొనాలి. "అదేంటి మావయ్యా, ఆల్రెడీ కొన్నాను కదా" అన్నాడు. కొన్నది స్టీమ్‌లో. స్టీమ్ ఇచ్చింది స్టీమ్ లైసెన్సు. జగదాంబలో తీసుకున్న టికెట్ పట్టుకుని ఇంకో హాలుకి వెళ్ళి, "అదే సినిమా కదా, లోపలికి పంపండి" అంటే గేటు దగ్గర ఏమంటారో, సోనీ స్టోరు కూడా అదే అంటుంది.

ఎందుకిలా? డబ్బు లెక్క. స్టీమ్‌లో అమ్మిన గేమ్ మీద మామూలుగా 30 శాతం స్టీమ్ తీసుకుంటుంది, పెద్ద అమ్మకాలైతే కాస్త తగ్గుతుంది. ఆ అమ్మకంలో సోనీకి రూపాయి రాలేదు. మరి పదుల జీబీల డౌన్‌లోడ్‌ని తన సర్వర్ల నుంచి ఊరికే ఎందుకిస్తుంది? సేవ్ ఫైల్ అలా కాదు. దాని సైజు చాలా చిన్నది, సోనీది కాని వేరే సర్వర్‌లో కూర్చుంటుంది, ఎవరి వాటా తెగదు. పైగా అది రెండోసారి కొనిపించే ఎర. వంద గంటల ఆట అవతల వైపు ఎదురుచూస్తోందంటే మనవాడు పర్సు తీయకుండా ఉంటాడా? క్రాస్-సేవ్‌ని ఆటగాడి మీద ప్రేమగా చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. సౌకర్యం నిజమే, ఉచితం మాత్రం కాదు.

సరే, కొనడానికి సిద్ధపడ్డాడనుకుందాం. ఇక్కడే అసలు మెలిక ఉంది. విచర్ 3లో సేవ్‌ని మోసేది జీఓజీ అనే ఇంకో ఆన్‌లైన్ గేమ్ స్టోరు అకౌంట్. పీసీలో గేమ్ స్టీమ్‌దైనా సరే, గేమ్ లోపలి మెనూ నుంచి జీఓజీలో లాగిన్ అవ్వాలి. పీఎస్5లో కూడా అదే జీఓజీ అకౌంట్. స్టీమ్ క్లౌడ్‌కి దీనితో సంబంధం లేదు, అది స్టీమ్ గోడ దాటదు. పాత సేవ్‌లన్నీ కట్టగట్టుకుని రావు. మాన్యువల్, ఆటో, క్విక్ అంటూ ఒక్కో రకంలో ఆఖరిది మాత్రమే పైకి వెళుతుంది. అందుకని పీసీలో నెట్ ఆన్‌లో ఉండగా గేమ్ తెరిచి, కొత్తగా ఒక మాన్యువల్ సేవ్ చేసి, అది అప్‌లోడ్ అయ్యేదాకా ఆగి అప్పుడు బయటికి రావాలి. తర్వాత పీఎస్5లో లోడ్ మెనూ తెరిస్తే క్లౌడ్ సేవ్ కనబడాలి. కనబడకపోతే ముందు రెండు వైపులా లాగిన్ అయినది ఒకే అకౌంటేనా అని చూసుకోండి. పాత ఈమెయిల్‌తో ఒకటి, కొత్త ఈమెయిల్‌తో ఒకటి అకౌంట్లు చేసుకున్నవాళ్ళు మనలో కొల్లలు.

ఇంకో చిక్కు. మావాడి సేవ్ ఎక్స్‌పాన్షన్ మధ్యలో ఉంది. పీఎస్5లో చౌకగా వస్తుందని బేస్ గేమ్ ఒక్కటే కొంటే, ఆ సేవ్ వచ్చి మెనూలో కూర్చున్నా పనికిరాదు. సేవ్ మీద ఉన్న కంటెంట్ ఆ ప్లాట్‌ఫామ్‌లో కూడా మీ సొంతమై ఉండాలి. కాబట్టి ఎక్స్‌పాన్షన్లు కూడా కలిసి వచ్చే కంప్లీట్ ఎడిషన్ కొనడం మేలు. పీసీలో మోడ్స్, అంటే బయటివాళ్ళు గేమ్‌కి చేసిన మార్పులు, వేసుకుని ఆడినవాళ్ళకి నేను గ్యారంటీ ఇవ్వను. కన్సోల్‌లో లేని వస్తువుని సేవ్ వెతుక్కుంటే ఏదో ఒకటి తేడా కొడుతుంది.

ఇది ఒంటరిగా ఆడే గేమ్ కాబట్టి ఇంతటితో పోయింది. ఆన్‌లైన్ గేమ్‌కి వస్తే టెన్షన్ ఇంకో మెట్టు పైన. డెస్టినీ 2లో 2019 నుంచి క్రాస్ సేవ్ ఉంది, చక్కగా పనిచేస్తుంది. కానీ లింక్ చేసేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది: ఏ ప్లాట్‌ఫామ్‌లోని క్యారెక్టర్లు ఉంచుకుంటావు? రెండు వైపులవీ కలిపేయదు. ఒకటి ఎంచుకుంటే రెండోవైపు క్యారెక్టర్లు చెరిగిపోవు గానీ, క్రాస్ సేవ్ నడిచినన్నాళ్ళూ అందవు. కంగారులో నిన్నకాక మొన్న మొదలుపెట్టిన క్యారెక్టర్‌ని నొక్కేశారా, ఏళ్ళ తరబడి పెంచినవాడు అటక ఎక్కేస్తాడు. తీసేసి మళ్ళీ పెట్టుకుందామంటే, ఒకసారి ఆపాక తిరిగి ఆన్ చేయడానికి 90 రోజులు ఆగాలి. ఆ స్క్రీన్ దగ్గర మాత్రం దయచేసి ఫోన్ పక్కన పెట్టి చదవండి.

అక్కడ కూడా ఆయుధాలు, లెవెల్ అన్నీ వస్తాయి గానీ, ఎక్స్‌పాన్షన్లు ఏ స్టోరులో కొంటే ఆ స్టోరుకే. డబ్బు పెట్టి కొన్న సిల్వర్ అనే గేమ్ కరెన్సీ కూడా కొన్నచోటే ఉంటుంది. దానికీ మందు ఉంది: సిల్వర్‌ని కొన్న ప్లాట్‌ఫామ్‌లోనే ఖర్చు పెట్టేయండి. దానితో తీసుకున్న అలంకారాలు మీ క్యారెక్టర్‌తో పాటు రెండోవైపుకి వస్తాయి.

మరి కొన్నది నిజంగా రెండు చోట్లా చెల్లేది ఎక్కడా లేదా అంటే, ఉంది. మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ ప్లే ఎనీవేర్. ఆ గుర్తు ఉన్న గేమ్‌ని డిజిటల్‌గా ఒకసారి కొంటే ఎక్స్‌బాక్స్‌లోనూ, విండోస్ పీసీలోనూ మీదే, సేవ్ కూడా వెంట వస్తుంది. నా లెక్కలో క్రాస్-బై అని పిలవదగ్గది ఇదీ. రెండువైపులా స్టోరు వాళ్ళదే కాబట్టి వాటాల గొడవ లేదు, అందుకే సాధ్యమైంది. అయితే అదే గేమ్ డిస్క్ కొన్నా, స్టీమ్‌లో కొన్నా ఈ లెక్కలోకి రాదు.

డిస్క్ అన్నాను కాబట్టి ఒక మాట. డాబా గార్డెన్స్ వైపు సెకండ్‌హ్యాండ్ పీఎస్4 డిస్కులు కొనే తమ్ముళ్ళకి: ఆ డిస్కే మీ లైసెన్సు. పీఎస్5లో పీఎస్5 వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేసుకున్నా ఆడేటప్పుడు డిస్క్ లోపల ఉండాల్సిందే. డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ తీసుకుని, "మన దగ్గర డిస్కులున్నాయిలే" అనుకుంటే అవి షోకేసులో పెట్టుకోవడానికే. మీరు ఆడిన ప్రోగ్రెస్ కూడా డిస్క్ మీద ఉండదు, పాత పీఎస్4 హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. కొన్ని గేమ్స్‌లో పీఎస్5 వెర్షన్ ఆ సేవ్‌ని తనంతట చదవదు, ముందు పీఎస్4 వెర్షన్ తెరిచి దాని మెనూలోంచి సేవ్‌ని పంపించాలి. అందుకని పాత పీఎస్4ని అమ్మకానికి పెట్టేముందు, డిస్కులు ఎవరికైనా ఇచ్చేముందు ఆ పని పూర్తి చేసుకోండి.